సమవిభజన, క్షయకరణ విభజన: ఉల్లిపాయ మొక్కతో పోలిక పట్టిక

ఇంటర్ మొదటి సంవత్సరం వృక్షశాస్త్రంలో ‘కణచక్రం, కణ విభజన’ పాఠం చివర తప్పకుండా కనిపించే ప్రశ్న సమవిభజనకు, క్షయకరణ విభజనకు భేదాలు రాయమనేది. చాలామంది విద్యార్థులు పట్టికను రెండు నిలువు వరుసలుగా కంఠస్థం చేస్తారు. పరీక్షలో అదే పట్టిక అడిగితే మార్కులు వస్తాయి. కానీ అదే విషయాన్ని నీట్‌లో ‘మొదటి విభజన ముగిశాక కణంలో ఎన్ని క్రోమోసోములు, ఎంత డీఎన్ఏ’ అని తిప్పి అడిగితే తడబడతారు. పట్టికలోని వరుసలు ఒకదాన్నుంచి మరొకటి ఎలా వస్తాయో తెలియకపోవడమే ఇందుకు కారణం.

పాఠ్యపుస్తకాల్లో ఈ రెండు విభజనలకూ ఉదాహరణలు ఎక్కువగా వేర్వేరు జీవుల నుంచి ఉంటాయి. ఒకే మొక్కను తీసుకుంటే పోల్చడం తేలిక. అందుకు ఉల్లి సరిగ్గా సరిపోతుంది. దాని దేహ కణాల్లో 16 క్రోమోసోములుంటాయి. అంటే 8 జతలు. ప్రతి జతలో ఒకటి పుప్పొడి వైపు నుంచి, మరొకటి అండం వైపు నుంచి వచ్చింది. వేరు కొనలో సమవిభజన జరుగుతుంది, పూమొగ్గలోని పరాగకోశంలో క్షయకరణ విభజన జరుగుతుంది. కింది పట్టికలోని అంకెలన్నీ ఉల్లివే.

| లక్షణం | సమవిభజన (వేరు కొన) | క్షయకరణ విభజన (పరాగకోశం) |
|---|---|---|
| విభజన చెందే కణం | విభాజ్య కణజాలంలోని కణం | పుప్పొడి మాతృకణం |
| ఆ కణం స్థితి | ద్వయస్థితికం (2n). ఏకస్థితిక (n) కణాల్లోనూ జరగగలదు | ద్వయస్థితికం (2n). సమజాత జతలు ఉండాలి |
| డీఎన్ఏ ప్రతికృతి | విభజనకు ముందు ఒకసారి | మొదటి విభజనకు ముందు ఒకసారి. రెండోదానికి ముందు లేదు |
| కేంద్రక విభజనలు | 1 | 2 |
| సమజాత క్రోమోసోములు జతకట్టడం | ఉండదు | మొదటి ప్రథమదశలో. 8 జంటలు కనిపిస్తాయి |
| పారగతి | మామూలుగా ఉండదు | మొదటి ప్రథమదశలో జరుగుతుంది |
| మధ్యస్థదశలో అమరిక | 16 క్రోమోసోములు విడివిడిగా | మొదటి విభజనలో 8 జంటలు. రెండోదానిలో 8 క్రోమోసోములు విడివిడిగా |
| చలనదశలో విడిపోయేవి | సోదర క్రోమాటిడ్లు | మొదట సమజాత క్రోమోసోములు. తర్వాత సోదర క్రోమాటిడ్లు |
| సెంట్రోమియర్ చీలడం | చలనదశలో | మొదటి చలనదశలో చీలదు. రెండో చలనదశలో చీలుతుంది |
| ఏర్పడే కణాలు | 2 | 4 |
| పిల్లకణంలో క్రోమోసోములు | 16 | 8 |
| పిల్లకణంలో డీఎన్ఏ | 2C | 1C |
| జన్యుపరమైన పోలిక | తల్లికణానికి నకలు | తల్లికణంతోనూ, ఒకదానితో ఒకటి కూడా తేడా |

ఇందులో పదమూడు వరుసలున్నాయి కానీ గుర్తుంచుకోవాల్సింది నిజానికి రెండే: జతకట్టడం, సెంట్రోమియర్ చీలడం. మిగతావన్నీ వీటి పర్యవసానాలే. క్రోమోసోములు జతకడితే పారగతికి వీలుంటుంది, మధ్యరేఖ మీదికి జంటలుగా వస్తాయి. అప్పుడు సెంట్రోమియర్ చీలకుండా కండె పోగులు లాగితే జంట విడిపోతుంది, సంఖ్య సగమవుతుంది. జతకట్టకుండా విడివిడిగా నిలబడిన క్రోమోసోముల సెంట్రోమియర్లు చీలితే క్రోమాటిడ్లు విడిపోతాయి, సంఖ్య అలాగే ఉంటుంది.

లెక్క తప్పేది ఎక్కువగా క్రోమోసోములు, క్రోమాటిడ్ల దగ్గరే. దీనికి ఒక్క నియమం చాలు. క్రోమోసోముల సంఖ్య అంటే సెంట్రోమియర్ల సంఖ్య. ఒక సెంట్రోమియర్‌కు ఒక పోగు వేలాడుతున్నా, రెండు వేలాడుతున్నా అది ఒక క్రోమోసోమే. ఇక డీఎన్ఏ పరిమాణాన్ని లెక్కించాలంటే పోగులను, అంటే క్రోమాటిడ్లను లెక్కపెట్టాలి.

ఈ నియమంతో వేరు కొన కణాన్ని మొదటి నుంచి చూద్దాం. విభజనకు సిద్ధం కాని కణంలో 16 క్రోమోసోములు, ఒక్కోదానికి ఒక్క పోగు. ఆ డీఎన్ఏ పరిమాణాన్ని 2C అంటారు. ఎస్ దశలో డీఎన్ఏ రెట్టింపవుతుంది. ఇప్పుడు ప్రతి క్రోమోసోముకు రెండు పోగులు. డీఎన్ఏ 4C అయింది, పోగులు 32 అయ్యాయి, సెంట్రోమియర్లు మాత్రం 16 గానే ఉన్నాయి కాబట్టి క్రోమోసోములు 16 మాత్రమే. ‘ఎస్ దశ తర్వాత క్రోమోసోములు 32’ అని రాసేవారు ఇక్కడే మార్కు పోగొట్టుకుంటారు. చలనదశలో సెంట్రోమియర్లు చీలిన క్షణం నుంచి ఆ ఒక్క కణంలో 32 క్రోమోసోములుంటాయి. అవి 16 చొప్పున రెండు ధ్రువాలకు చేరి, కణద్రవ్యం విడిపోయాక రెండు పిల్లకణాల్లో 16, 2C చొప్పున మిగులుతాయి.

పుప్పొడి మాతృకణంలోనూ ఎస్ దశ వరకు కథ ఇదే: 16 క్రోమోసోములు, 32 పోగులు, 4C. తేడా ప్రథమదశలో మొదలవుతుంది. సమజాత క్రోమోసోములు ఒకదాన్నొకటి వెతుక్కుని పొడవునా అతుక్కుంటాయి. నాలుగు పోగులున్న ఇలాంటి జంటలు 8 ఏర్పడతాయి. వాటి మధ్య పారగతి జరిగి, సోదరేతర క్రోమాటిడ్ల ముక్కలు తారుమారవుతాయి. మొదటి చలనదశలో ఒక్కో జంట నుంచి ఒక్కో క్రోమోసోము ఒక్కో ధ్రువానికి వెళుతుంది. ఏ సెంట్రోమియరూ చీలదు కాబట్టి కణం మొత్తంలో సంఖ్య ఇంకా 16 గానే ఉంటుంది. విభజన ముగిశాక ఒక్కో కణంలో 8 క్రోమోసోములు, 16 పోగులు, 2C డీఎన్ఏ. సంఖ్య సగమైంది ఇక్కడే. రెండో విభజనలో సగమయ్యేది డీఎన్ఏ మాత్రమే: 8 సెంట్రోమియర్లు చీలి, చివరికి నాలుగు కణాల్లో 8 క్రోమోసోములు, 1C మిగులుతాయి.

మొదటి విభజన తర్వాతి కణంలోనూ 2C డీఎన్ఏ ఉంది, మామూలు వేరు కణంలోనూ 2C ఉంది. మరి రెండూ ఒకటే కాదా? పరిమాణం ఒకటే, అందులోని సమాచారం ఒకటి కాదు. వేరు కణంలో ప్రతి జత నుంచి రెండు సభ్యులూ ఉన్నాయి, ఒక్కో ప్రతి. పరాగకోశ కణంలో ప్రతి జత నుంచి ఒక్క సభ్యుడే ఉంది, కాకపోతే రెండు ప్రతులు. పారగతి జరిగిన చోట్ల మినహా ఆ రెండు ప్రతులూ ఒకేలా ఉంటాయి. రెండు వేర్వేరు పుస్తకాలు ఉండటం వేరు, ఒకే పుస్తకం రెండు కాపీలు ఉండటం వేరు. తూకం వేస్తే బరువు ఒకటే రావచ్చు. అందుకే మొదటి విభజన తర్వాతి కణాన్ని డీఎన్ఏ చూసి 2n అనకూడదు. అది n కణమే.

పట్టిక దాచిపెట్టే సంగతులు

విద్యార్థుల నోట్సుల్లో మొదటి వరుస సాధారణంగా ‘సమవిభజన దేహ కణాల్లో, క్షయకరణ విభజన బీజకణాల్లో’ అని ఉంటుంది. ఇది సగమే నిజం. మనిషి వృషణంలో శుక్రకణాలకు మూలమైన కణాలు ముందు సమవిభజనతోనే తమ సంఖ్యను పెంచుకుంటాయి. ఆ తర్వాతే కొన్ని క్షయకరణ విభజనలోకి వెళతాయి. మొక్కల్లోనైతే క్షయకరణ విభజన వల్ల నేరుగా బీజకణాలు రావు. ఉల్లి పరాగకోశంలో వచ్చే నాలుగూ సూక్ష్మసిద్ధబీజాలు. ఒక్కోటీ 8 క్రోమోసోములతోనే మళ్లీ సమవిభజన చెంది పరాగరేణువుగా మారుతుంది. అందులోని ఒక కణం ఇంకోసారి సమవిభజన చెందితేనే రెండు పురుష బీజకణాలు వస్తాయి. ఏకస్థితిక కణాల్లోనూ సమవిభజన జరుగుతుందనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు. జతలు లేకపోయినా సమవిభజనకు ఇబ్బంది లేదు, దానికి జతలతో పనే లేదు కాబట్టి. జతలు లేని కణం క్షయకరణ విభజనను మాత్రం సవ్యంగా పూర్తి చేయలేదు.

‘4 కణాలు’ అన్న వరుసకూ షరతుంది. అది మగ వైపు లెక్క. ఆడ వైపు చాలా మొక్కల్లో నాలుగింటిలో మూడు నశించి ఒకటే మిగులుతుంది. ఉల్లిలో ఇంకా విచిత్రం: మొదటి విభజనలో వచ్చిన రెండు కణాల్లో ఒకటి నశిస్తుంది. రెండోది గోడ కట్టుకోకుండానే రెండో విభజన పూర్తిచేసి, తన రెండు కేంద్రకాలతోనే పిండకోశాన్ని తయారు చేసుకుంటుంది. అంటే పట్టికకు ఉదాహరణగా తీసుకున్న మొక్కలోనే, పువ్వులో కొద్ది మిల్లీమీటర్లు పక్కకు జరిగితే ‘4 కణాలు’ అన్న మాట నిలవదు. మనిషిలో ఒక అండకణం, దానితోపాటు చిన్న ధ్రువ దేహాలు వస్తాయి. కణద్రవ్యం దాదాపు మొత్తం అండకణానికే దక్కుతుంది.

పోటీ పరీక్షల్లో ఏళ్లుగా తిరిగే ఒక లెక్కకు ఈ తేడాయే ఆధారం. 100 గింజలు ఏర్పడాలంటే ఎన్ని క్షయకరణ విభజనలు జరగాలి? ఒక్కో గింజకు ఒక పరాగరేణువు చొప్పున 100 కావాలి, ఒక మాతృకణం నాలుగిస్తుంది కాబట్టి 25 విభజనలు. ఆడ వైపు ఒక్కో విభజనకు ఒకే స్త్రీబీజకణం కాబట్టి 100. మొత్తం 125. సమవిభజనకు ఇలాంటి ప్రశ్నే అడిగితే లెక్క వేరు. ఒక కణం నుంచి 128 కణాలు రావడానికి ప్రతి విభజనా ఒక కణాన్ని అదనంగా చేరుస్తుంది కనుక 127 విభజనలు కావాలి. అన్ని కణాలూ ఒకేసారి విభజన చెందితే అవి 7 విడతల్లో పూర్తవుతాయి. ‘విభజనలు’ అడిగారా, ‘విడతలు’ అడిగారా అన్నది చదువుకోకుండా సమాధానం గుర్తించకూడదు.

పారగతి వరుసలో ‘మామూలుగా’ అన్న మాట ఊరికే పెట్టింది కాదు. దేహ కణాల్లోనూ అరుదుగా పారగతి జరుగుతుందని కర్ట్ స్టెర్న్ 1936లో పండు ఈగల్లో చూపించారు. పాఠశాల స్థాయిలో ‘జరగదు’ అని రాస్తే చాలు.

స్లైడ్ మీద ఎలా గుర్తించాలి

వేరు కొన ప్రయోగం అందరికీ తెలిసిందే. ఉల్లిపాయను నీళ్లకు తగిలేలా ఉంచితే కొద్ది రోజుల్లో వేర్లు వస్తాయి. కొనలను ఉదయం కత్తిరించి, ఒక పాలు ఎసిటిక్ ఆమ్లం, మూడు పాళ్లు ఆల్కహాల్ కలిపిన ద్రావణంలో ఒక రోజు ఉంచుతారు. తర్వాత పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో మెత్తబరచి, ఎసిటోకార్మైన్‌తో రంగు వేసి, కవర్‌స్లిప్ కింద నొక్కుతారు. ఏమీ కనిపించలేదంటే చాలావరకు కారణం ఒకటే: కొన నుంచి రెండు మూడు మిల్లీమీటర్లకు బదులు ఇంకా పైభాగం తీసుకోవడం. అక్కడి కణాలు సాగుతుంటాయి తప్ప విభజన చెందవు. పొడవాటి దీర్ఘచతురస్ర కణాలే వరసగా కనిపిస్తే స్లైడ్ మార్చుకోవాలి. సరైన చోట కూడా ఎక్కువ కణాలు అంతర్దశలోనే ఉంటాయి, మధ్యస్థ, చలన దశలు ఓపిగ్గా వెతకాల్సిందే.

క్షయకరణ విభజనకు విరిసిన పువ్వు పనికిరాదు. అప్పటికి పుప్పొడి తయారైపోయి ఉంటుంది. ఇంకా మూసుకుని ఉన్న చిన్న మొగ్గలే కావాలి. ఒకే పరాగకోశంలోని కణాలు దాదాపు ఒకే దశలో ఉంటాయి కాబట్టి దశ దొరికితే అన్నీ దొరుకుతాయి, లేకపోతే ఒక్కటీ దొరకదు. అందుకే చాలా పాఠశాలల్లో మిడత వృషణం లేదా ఉల్లి మొగ్గ నుంచి ముందే చేసి పెట్టిన శాశ్వత స్లైడ్లు వాడతారు.

రెండు చలనదశలు పక్కపక్కన పెడితే విద్యార్థి చూడాల్సింది ధ్రువం వైపు కదిలే ఒక్కో ముక్కను. అది ఒంటి పోగుతో ఉంటే సోదర క్రోమాటిడ్లు విడిపోయాయన్నమాట. అలాంటివి ఒక్కో వైపు 16 ఉంటే సమవిభజన, 8 ఉంటే క్షయకరణంలోని రెండో విభజన. ఒక్కో ముక్కకు రెండు పోగులు అంటుకుని భుజాలు విచ్చుకుని కనిపిస్తే, ఒక్కో వైపు 8 ఉంటే, అది మొదటి విభజన. బొమ్మ ఇచ్చి దశ గుర్తించమన్న ప్రశ్నకు కూడా ఇదే దారి.

ఒక వరుస తప్పితే

‘చలనదశలో విడిపోయేవి’ అన్న వరుస ఒక్కసారి సరిగ్గా జరగకపోతే ఏమవుతుందో చెప్పడానికి అందరికీ తెలిసిన ఉదాహరణ డౌన్ సిండ్రోమ్. 21వ క్రోమోసోము రెండుకు బదులు మూడు ఉండటమే దీనికి కారణమని జెరోమ్ లెజూన్ బృందం 1959లో ప్రకటించింది. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో దాదాపు 95 శాతం మందికి అదనపు క్రోమోసోము బీజకణం తయారయ్యేటప్పుడు విడిపోవాల్సినవి విడిపోకపోవడం వల్ల వస్తుంది. ఎక్కువసార్లు ఇది అండకణం తయారయ్యేటప్పుడు, అందులోనూ మొదటి విభజనలో జరుగుతుంది.

మొదటి విభజనలోనే ఎందుకు? సమయం చూస్తే అర్థమవుతుంది. వేరు కొన కణం విభజన కొద్ది గంటల పని. ఆడశిశువు అండాశయంలోని కణాలు మాత్రం ఆమె పుట్టకముందే మొదటి ప్రథమదశలోకి వెళ్లి, జతకట్టి, పారగతి పూర్తిచేసుకుని అక్కడే ఆగిపోతాయి. యుక్తవయసు తర్వాత నెలనెలా విడుదలయ్యే అండం, విడుదలకు కాస్త ముందే మొదటి విభజన పూర్తి చేస్తుంది. రెండోది పూర్తయ్యేది శుక్రకణం ప్రవేశించాకే. అంటే 40 ఏళ్ల మహిళ విడుదల చేసే అండంలోని జంటలు 40 ఏళ్లకు పైగా అతుక్కునే ఉన్నాయి. వాటిని పట్టి ఉంచే కొహెసిన్ అనే ప్రోటీన్లు కాలంతోపాటు బలహీనపడతాయి. జంట ముందుగానే ఊడిపోతే కండె పోగులు రెండింటినీ ఒకే వైపు లాగేసే అవకాశం పెరుగుతుంది. తల్లి వయసు 20ల్లో ఉన్నప్పుడు వెయ్యికి పైగా కాన్పుల్లో ఒకటిగా ఉండే ఈ అవకాశం 35 ఏళ్లకు దాదాపు 350లో ఒకటి, 40 ఏళ్లకు దాదాపు 100లో ఒకటి అవుతుంది. అయినా డౌన్ సిండ్రోమ్‌తో పుట్టే పిల్లల్లో ఎక్కువమంది 35 లోపు తల్లులకే పుడతారు, మొత్తం కాన్పుల్లో ఎక్కువ ఆ వయసులోనే కాబట్టి. ఇది ఎవరి అలవాట్ల వల్లో, ఎవరి తప్పు వల్లో వచ్చేది కాదు.

తప్పు ఏ విభజనలో జరిగిందో తర్వాత కనిపెట్టవచ్చు. పట్టికను అర్థం చేసుకున్న విద్యార్థి దీన్ని తానే ఊహించగలడు. తల్లి దగ్గరున్న రెండు 21వ క్రోమోసోముల్లో ఒకటి అమ్మమ్మ నుంచి, మరొకటి తాతయ్య నుంచి వచ్చాయి. మొదటి విభజనలో జంట విడిపోకపోతే అండంలోకి ఆ రెండూ వస్తాయి. రెండో విభజనలో సోదర క్రోమాటిడ్లు విడిపోకపోతే ఒకే క్రోమోసోము రెండు ప్రతులు వస్తాయి. కాబట్టి బిడ్డలో తల్లి వైపు నుంచి వచ్చిన రెండు క్రోమోసోముల డీఎన్ఏ గుర్తులను పోల్చాలి. అవి వేర్వేరుగా ఉంటే తప్పు మొదటి విభజనది, ఒకేలా ఉంటే రెండోదానిది. అయితే గుర్తులను సెంట్రోమియర్ పక్కనే చూడాలి. దూరంగా చూస్తే మధ్యలో పారగతి జరిగి ముక్కలు తారుమారై ఉండవచ్చు, లెక్క తలకిందులవుతుంది.

ఇక 47 క్రోమోసోములున్నాయని తేల్చే పరీక్షకు ఆధారం సమవిభజన. రక్తం తీసుకుని, తెల్ల రక్తకణాలను విభజన చెందేలా పెంచుతారు. కాల్చిసిన్ లాంటి మందుతో కండె పోగులు ఏర్పడకుండా చేసి కణాలను మధ్యస్థదశలోనే ఆపుతారు. క్రోమోసోములు పొట్టిగా, లావుగా, విడివిడిగా ఉండే దశ అదే. వాటిని ఫొటో తీసి జతలుగా పేర్చితే 21 దగ్గర మూడు కనిపిస్తాయి.

ఆ పరీక్షలో నూటికి ఒకరిద్దరిలో కొన్ని కణాల్లో 46, మరికొన్నింటిలో 47 కనిపిస్తాయి. దీన్ని మొజాయిక్ అంటారు. తప్పు పిండం ఏర్పడ్డాక ఒక సమవిభజనలో జరిగితే ఇలా అవుతుందని పట్టిక చెబుతుంది, అది నిజమే. కానీ ఇంకో దారి కూడా ఉంది. పిండం మొదట 47తోనే మొదలై, తర్వాతి సమవిభజనల్లో కొన్ని కణాలు అదనపు క్రోమోసోమును పోగొట్టుకున్నా ఫలితం ఇలాగే కనిపిస్తుంది. అందువల్ల కణాలను లెక్కపెట్టినంత మాత్రాన అసలు తప్పు ఏ విభజనలో మొదలైందో తేలదు. రక్తంలో కనిపించిన నిష్పత్తే మెదడులోనో, గుండెలోనో ఉంటుందని కూడా చెప్పలేరు.